వైడాల్ పాజిటివ్, కల్చర్‌లో ఏమీ పెరగలేదు: ఏ రిపోర్టు ఏం చెబుతోంది?

ప్రశ్న: మా చెల్లికి 30 ఏళ్లు. నెలన్నర కిందట జ్వరం వచ్చింది. 4వ రోజు వైడాల్ చేయిస్తే టీఓ 1:80, టీహెచ్ 1:160 అని వచ్చింది. టైఫాయిడ్ అని సెఫిక్సిమ్ మాత్రలు మొదలుపెట్టారు. 7వ రోజుకీ తగ్గకపోతే ఆస్పత్రిలో చేర్చాం. అక్కడ బ్లడ్ కల్చర్‌కి రక్తం తీసి, సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. 11వ రోజుకు జ్వరం పోయింది. మందులు మొత్తం 2 వారాలు వాడాం. కల్చర్ రిపోర్టేమో 5 రోజుల తర్వాత 'ఏమీ పెరగలేదు' అని వచ్చింది. ఇప్పుడు జ్వరం లేదు గానీ నీరసంగా ఉందంటే వేరే ల్యాబ్‌లో మళ్లీ వైడాల్ చేయించాం. టీఓ 1:160, టీహెచ్ 1:320. ఇంకా టైఫాయిడ్ ఉందంటున్నారు. అసలు వచ్చింది టైఫాయిడేనా? మళ్లీ మందులు వాడాలా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకు చెబుతాను, ఎందుకంటే ఇవాళ తేల్చుకోవాల్సింది అదే. వాడొద్దు. జ్వరం లేని మనిషికి వైడాల్ అంకె ఒక్కటి చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు. ఆ అంకె చెల్లి ఒంట్లో ఇప్పుడు క్రిమి ఉందని చెప్పడం లేదు, చెప్పలేదు కూడా. ఇక మొదటి ప్రశ్న. టైఫాయిడ్ అయి ఉండే అవకాశమే ఎక్కువని నా అంచనా, కానీ అది రుజువు కాలేదు. రుజువు చేసుకునే సమయం 4వ రోజున, మొదటి మాత్ర వేసుకోకముందే ఉండింది. అది దాటిపోయింది. మీ చేతిలో ఉన్న మూడు రిపోర్టులూ ఒకదాన్నొకటి కాదంటున్నట్టు కనిపిస్తున్నా, ఈ క్రిమి ఒంట్లో ఎక్కడ దాక్కుంటుందో తెలిస్తే ఆ మూడూ ఒకే కథలో ఇమిడిపోతాయి. అందుకే అక్కడి నుంచి మొదలుపెడతాను.

టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫీ కడ్డీ ఆకారంలో ఉండే బ్యాక్టీరియా. దీనికి మనిషే ఇల్లు. మరే జంతువులోనూ ఇది సహజంగా కాపురం ఉండదు. రోగి మలంతో కలుషితమైన నీళ్లతోనో తిండితోనో లోపలికి వస్తుంది. జీర్ణాశయంలోని ఆమ్లాన్ని తట్టుకుని బయటపడ్డ కొన్ని క్రిములు చిన్న పేగు చివరి భాగం చేరతాయి. అక్కడ పేయర్స్ ప్యాచెస్ అనే లింఫ్ కణజాలపు గుత్తులు ఉంటాయి. వాటి మీదుండే ఎమ్ కణాల గుండా క్రిమి పేగు గోడ దాటుతుంది. దాటగానే, క్రిములను మింగి చంపే మాక్రోఫేజ్ కణాలు దీన్నీ మింగుతాయి. మిగతా క్రిముల్లో చాలావాటికి అక్కడితో ఆయుష్షు తీరుతుంది. టైఫీ మాత్రం ఆ కణం లోపలి సంచిలోనే తనకు అనువైన పరిస్థితులు కల్పించుకుని, బతికి, పెరుగుతుంది. చంపవలసిన కణమే దీనికి వాహనం అవుతుంది. ఆ కణాలతో పాటు కాలేయానికి, ప్లీహానికి, ఎముక మజ్జకు చేరి అక్కడ సద్దు లేకుండా సంఖ్య పెంచుకుంటుంది. సుమారు 1 నుంచి 2 వారాల పాటు మనిషికి ఏమీ తెలియదు. తర్వాత అక్కడి నుంచి క్రిములు రక్తంలోకి వస్తూ ఉంటాయి. జ్వరం మొదలయ్యేది అప్పుడు.

కాబట్టి టైఫాయిడ్‌లో రక్తం క్రిముల నివాసం కాదు, వాటి రాకపోకల దారి. ఈ ఒక్క విషయం అర్థమైతే, రక్తంలోని క్రిమిని సీసాలో పెంచి చూసే బ్లడ్ కల్చర్ బలమూ బలహీనతా రెండూ అర్థమవుతాయి. జ్వరంతో ఉన్న టైఫాయిడ్ రోగి రక్తంలో ఎన్ని క్రిములుంటాయో లెక్కపెట్టి చూశారు. కొందరిలో వందల్లో ఉన్నా, సగం మందిలో 1 మిల్లీలీటరుకు 1 బ్యాక్టీరియా, లేదా అంతకన్నా తక్కువ. ఆ కాసిన్ని క్రిముల్లోనూ సగానికి పైగా తెల్ల రక్తకణాల లోపల దాగి ఉంటాయి. ఎముక మజ్జలో అంతే కొలతకు అవి చాలా రెట్లు ఎక్కువ. అందుకే మజ్జ కల్చర్ 100 మందిలో 80కి పైగా రోగులను పట్టుకుంటుంది. యాంటీబయాటిక్ మొదలై కొన్ని రోజులైనా అందులో క్రిమి పెరగొచ్చు. కానీ మజ్జ తీయడం నొప్పితో కూడిన పని. ఎన్నాళ్లకూ కారణం దొరకని జ్వరానికి తప్ప దాని జోలికి వెళ్లరు. మామూలు బ్లడ్ కల్చర్ అయితే నిజంగా టైఫాయిడ్ ఉన్న 100 మందిలో సగటున 60 మందిలోనే క్రిమిని చూపిస్తుంది.

ఆ మిగతా 40 మంది ఎలా తప్పిపోతారు? ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక రోగి రక్తంలో 10 మిల్లీలీటర్లకు సగటున 3 బ్యాక్టీరియాలు ఉన్నాయనుకోండి. ఆ రోగి నుంచి 2 మిల్లీలీటర్లు మాత్రమే తీస్తే అందులో సగటున ఒకటి కూడా ఉండదు, 0.6 వస్తుంది. క్రిములు రక్తంలో ఎక్కడంటే అక్కడ చెదురుగా ఉంటాయి కనుక, ఆ 2 మిల్లీలీటర్లలో ఒక్కటీ పడకపోయే అవకాశం 100కు దాదాపు 55. అంటే సగానికన్నా ఎక్కువసార్లు ల్యాబ్‌కు చేరేది క్రిమే లేని రక్తం. ఎంత మంచి యంత్రమైనా లేనిదాన్ని పెంచలేదు. అదే రోగి నుంచి 10 మిల్లీలీటర్లు తీస్తే ఒక్కటీ పడకపోయే అవకాశం 100కు 5 మాత్రమే. కల్చర్ ఫలితాన్ని నిర్ణయించే విషయాల్లో రక్తం పరిమాణాన్నే నేను మొదట పెడతాను, యంత్రం ఏ కంపెనీదన్నది తర్వాత. పెద్దవాళ్లకు కనీసం 10 మిల్లీలీటర్లు, వీలైతే వేరే చోట సూది గుచ్చి ఇంకో సీసాకు మరో 10. పిల్లల నుంచి వయసును, బరువును బట్టి తక్కువ తీస్తారు. మీ చెల్లి నుంచి ఎంత తీశారో మీరు రాయలేదు. ఒకే సీసాకు 3, 4 మిల్లీలీటర్లు తీసి ఉంటే, 'ఏమీ పెరగలేదు' అన్న మాట బరువు అక్కడే సగం తగ్గిపోతుంది.

సీసాలో ఉండేది బ్యాక్టీరియాకు ఆహారమైన ద్రవం. రక్తం గడ్డకట్టకుండా, రక్తంలోని సహజ రక్షణ పదార్థాలు క్రిమిని చంపకుండా ఆపే రసాయనం కూడా అందులో కలిపి ఉంటుంది. రక్తాన్ని ఆ ద్రవంలో 5 నుంచి 10 రెట్లు పలచబరచడం కూడా క్రిమికి మేలే, దాని మీద పనిచేసే ప్రతి పదార్థం పలచబడుతుంది కనుక. కణాల లోపల దాగినవి బయటపడేలా తెల్లకణాలను పగలగొట్టే పదార్థం కలిపిన సీసాలూ ఉన్నాయి. ఇప్పటి యంత్రాలు సీసాను ఒంటి వేడిలో ఉంచి, క్రిమి పెరుగుతూ విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను కనిపెడతాయి. టైఫీ ఉంటే చాలాసార్లు మొదటి 2 రోజుల్లోనే యంత్రం కూత పెడుతుంది. 5 రోజులు చూసి కూడా ఏమీ లేకపోతే మీకు వచ్చిన రిపోర్టు రాస్తారు. ఇంకో చిన్న సంగతి: రక్తం పోసిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. పాడవకుండా ఉంటుందని కొందరు పెడతారు. చలికి క్రిమి పెరుగుదల ఆగిపోతుంది, కొన్ని చచ్చిపోతాయి కూడా.

ఇదంతా యాంటీబయాటిక్ పడని రక్తం సంగతి. మీ చెల్లి అప్పటికే 3 రోజులుగా సెఫిక్సిమ్ వాడుతోంది. ఆ మందు జ్వరాన్ని తగ్గించేంతగా పని చేయకపోయినా, రక్తంలో తిరుగుతున్న ఆ కాసిన్ని క్రిములను ఇంకా తగ్గించడానికి, సీసాలో పడ్డవాటిని పెరగనివ్వకుండా ఆపడానికి చాలు. మందును పీల్చుకునే రెసిన్ గుళికలున్న సీసాలు కొంత సాయం చేస్తాయి, పూర్తిగా కాదు. మాక్రోఫేజ్ లోపల కూర్చున్న క్రిమికి మందు అంత తేలిగ్గా తగలదు, రక్తంలో బయట ఉన్నదానికి తగులుతుంది. అందుకే మనిషికి జ్వరం కొనసాగుతూనే కల్చర్ మాత్రం ఖాళీగా రావచ్చు. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. కల్చర్‌లో టైఫీ పెరిగితే టైఫాయిడ్ ఉన్నట్టే, అందులో సందేహానికి చోటు దాదాపు లేదు. పెరగకపోతే టైఫాయిడ్ లేనట్టు కాదు. యాంటీబయాటిక్ వాడాక పెరగకపోతే ఆ రిపోర్టు అటూ చెప్పదు, ఇటూ చెప్పదు.

పెరిగి ఉంటే ఏం దక్కేదో కూడా చెప్పాలి, ఎందుకంటే వైడాల్ ఎన్నిసార్లు చేయించినా దొరకనిది అదే. సీసా నుంచి ఒక చుక్క తీసి ప్లేటు మీద పూస్తే మర్నాటికి కాలనీలు కనిపిస్తాయి. టైఫీ లాక్టోజ్ చక్కెరను పులియబెట్టదు కనుక మెకాంకీ ప్లేటు మీద రంగు లేకుండా పాలిపోయి ఉంటుంది. అది టైఫీయేనా అని తేల్చడానికి జీవరసాయన పరీక్షలు చేసి, ఆపైన దాని ఒంటి మీది గుర్తులకు సరిపోయే యాంటీబాడీల ద్రవాన్ని కలిపి గుంపు కడుతుందా అని చూస్తారు. ఇక్కడ ఈ క్రిమి ఒక చిక్కు పెడుతుంది. దీనికి వీఐ అనే చక్కెర గొలుసుల తొడుగు ఉంటుంది. ఒంట్లో ఉన్నప్పుడు ఆ తొడుగే కింద ఉన్న 'ఓ' అనే గుర్తును, అంటే యాంటీజెన్‌ను, మన రక్షణ వ్యవస్థ కంట పడకుండా కప్పేస్తుంది. ల్యాబ్‌లోనూ అదే చేస్తుంది. అప్పుడే వేరుచేసిన టైఫీకి 'ఓ' యాంటీబాడీల ద్రవం కలిపితే ఒక్కోసారి గుంపు కట్టదు. కొత్తగా చేరినవాళ్లు ఇది టైఫీ కాదని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. తెలిసినవాళ్లు ఆ క్రిములను మరిగించి, తొడుగు ఊడదీసి మళ్లీ చూస్తారు. అప్పుడు గుంపు కడుతుంది.

గుర్తింపు అయ్యాక, ఏ మందుకు లొంగుతుందో పరీక్షిస్తారు. నిజానికి కల్చర్ చేయించేది ముఖ్యంగా దీనికోసమే. ఒకప్పుడు టైఫాయిడ్‌కు కళ్లు మూసుకుని ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ ఇప్పుడు దక్షిణాసియాలో చాలా టైఫీ రకాల మీద సరిగా పని చేయదు. 2016 నుంచి పాకిస్తాన్‌లోని సింధ్‌లో పాకిన రకం సెఫ్ట్రియాక్సోన్‌కు కూడా లొంగలేదు. అజిత్రోమైసిన్, కార్బపెనమ్ లాంటి కొద్ది మందులే దానికి మిగిలాయి. ఈ తేడా క్రిమిని చేతిలో పట్టుకుంటే తప్ప తెలియదు.

ఇక వైడాల్. 1896లో పారిస్‌లో ఫెర్నాండ్ వైడాల్ ఈ పరీక్షను టైఫాయిడ్ నిర్ధారణకు పెట్టాడు. ఇందులో వెతికేది క్రిమిని కాదు, దాని మీద మన ఒళ్లు తయారుచేసిన యాంటీబాడీలను. చంపిన సాల్మొనెల్లా క్రిముల ద్రవంలో రోగి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం, కలుపుతారు. సీరంలో సరిపోయే యాంటీబాడీలుంటే క్రిములన్నీ ఒకదానికొకటి అంటుకుని కంటికి కనిపించే గుంపులు కడతాయి. సీరాన్ని 20 రెట్లు, 40, 80, 160, 320 రెట్లు ఇలా ప్రతిసారీ రెట్టింపు పలచన చేస్తూ పోయి, గుంపులు కనిపించిన ఆఖరి పలచనను రాస్తారు. మీ రిపోర్టులోని 1:160 అదే, దాన్నే టైటర్ అంటారు. టీఓ అంటే టైఫీ ఒంటి మీది 'ఓ' యాంటీజెన్‌కు, టీహెచ్ అంటే దాని ఈతకు ఉపయోగపడే తోకల్లోని హెచ్ యాంటీజెన్‌కు వచ్చిన స్పందన. ఏహెచ్, బీహెచ్ అని ఇంకో రెండు వరసలుంటే అవి పారాటైఫాయిడ్ ఏ, బీ క్రిములవి.

యాంటీబాడీలు తయారవడానికి సమయం పడుతుంది. 'ఓ' మీద యాంటీబాడీలు కనిపించేది సాధారణంగా జ్వరం వచ్చిన 6 నుంచి 8 రోజులకు, హెచ్ మీద 10 నుంచి 12 రోజులకు. రక్తంలో క్రిములు ఎక్కువగా దొరికేది మొదటి వారంలో. అంటే ఈ రెండు పరీక్షల గడియారాలూ ఎదురెదురుగా నడుస్తాయి. కల్చర్‌కు అనువైన రోజుల్లో వైడాల్‌కు ఇంకా చెప్పడానికేమీ ఉండదు, వైడాల్ పెరిగేసరికి రక్తంలో క్రిములు తగ్గుతుంటాయి. ఇప్పుడు మీ మొదటి రిపోర్టు చూడండి. జ్వరం 4వ రోజున టీహెచ్ 1:160. ఆ జ్వరానికి కొత్తగా పుట్టిన హెచ్ యాంటీబాడీలు అంత త్వరగా అంత ఎత్తుకు రావడం మామూలుగా జరగదు. అవి అంతకు ముందువి అయి ఉండడమే ఎక్కువ సంభవం. ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్‌వి కావచ్చు, టీకావి కావచ్చు, గుర్తించకుండానే పోయిన వేరే సాల్మొనెల్లావి కావచ్చు. హెచ్ యాంటీబాడీలు ఏళ్ల తరబడి రక్తంలో మిగులుతాయి. పైగా మలేరియా లాంటి వేరే జ్వరం వచ్చినప్పుడు ఆ పాత యాంటీబాడీలు మళ్లీ ఎగబాకడం కూడా ఉంది. 'ఓ' యాంటీజెన్ సంగతీ అంతే, అది టైఫీ ఒక్కదాని సొత్తు కాదు. టైఫీకి ఉన్న 'ఓ' గుర్తులే, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా ఎంటెరిటిడిస్‌కూ ఉన్నాయి. కాబట్టి 4వ రోజున ఆ రిపోర్టు చూసి 'టైఫాయిడ్' అని తేల్చడం తొందరపాటే. అది నిజంగా టైఫాయిడే అయి ఉన్నా సరే, ఆ రిపోర్టు వల్ల మాత్రం కాదు.

చేసే పద్ధతిలోనూ తేడాలున్నాయి. సరైన పద్ధతిలో గొట్టాల్లో కలిపి, వెచ్చగా గంటల తరబడి ఉంచి చూస్తారు. చాలా చోట్ల చేసేది స్లైడ్ పరీక్ష, గాజు పలక మీద కలిపి 1 నిమిషంలో చూసేయాలి. నిమిషం దాటి వదిలేస్తే చుక్క అంచుల్లో ఆరిపోతూ గుంపు కట్టినట్టే కనిపిస్తుంది. కిట్టు మారితే, చూసే కన్ను మారితే, అదే సీరానికి ఒక మెట్టు అటూ ఇటూ రావడం సాధారణం. ఎంత టైటర్ నుంచి పాజిటివ్ అనాలన్నది కూడా అందరికీ ఒకటి కాదు. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో ఆరోగ్యవంతుల రక్తంలోనే కొంత టైటర్ ఉంటుంది. దాన్ని కొలిచి హద్దు పెట్టుకోవాలి. ఆ పని చేయని చోట 1:80 అన్న అంకెకు అర్థం చెప్పడం కష్టం.

వైడాల్ పాజిటివ్ రిపోర్టు ఎంతవరకు నమ్మొచ్చో ఊహించిన అంకెలతో చూపిస్తాను. జ్వరంతో వచ్చిన 100 మందిలో 10 మందికి నిజంగా టైఫాయిడ్ ఉందనుకోండి. పరీక్ష ఆ 10 మందిలో 7 మందిని పట్టుకుంటుందని, టైఫాయిడ్ లేని 90 మందిలో ప్రతి 5 మందికి ఒకరిని పొరపాటున పాజిటివ్ అంటుందని అనుకుందాం. ఆ లెక్కన పొరపాటు పాజిటివ్‌లు 18. మొత్తం పాజిటివ్‌లు 25, అందులో అసలు రోగులు 7. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురికి జ్వరం మరో కారణం వల్ల. నన్ను కలవరపెట్టేది ఆ ముగ్గురే. వాళ్లది స్క్రబ్ టైఫస్ అయితే సెఫిక్సిమ్ దాని మీద పనే చేయదు, దానికి డాక్సీసైక్లిన్ కావాలి. మలేరియా అయితే అసలు యాంటీబయాటిక్‌తో పని జరగదు. 'టైఫాయిడ్' అని పేరు పెట్టేయగానే మిగతావి వెతకడం ఆగిపోతుంది, రోజులు గడిచిపోతాయి. ర్యాపిడ్ కార్డు మీద చేసే టైఫాయిడ్ పరీక్షలు చాలావరకు ఇలా యాంటీబాడీలను వెతికేవే. వాటికీ ఇవే హద్దులు కొద్ది తేడాతో వర్తిస్తాయి.

వైడాల్‌కు కొంత విలువ దక్కే పద్ధతి ఒకటి ఉంది. జ్వరం మొదట్లో ఒకసారి, 7 నుంచి 14 రోజుల తర్వాత ఇంకోసారి రక్తం తీసి, రెండు సీరాలనూ ఒకే ల్యాబ్‌లో, ఒకే కిట్టుతో, ఒకేసారి పెట్టి చూడాలి. టైటర్ నాలుగు రెట్లు, అంటే రెండు మెట్లు పెరిగితే ఇటీవలి ఇన్ఫెక్షన్ అనడానికి ఆధారం. మీ అంకెలు ఈ కొలతకు పెట్టండి. టీఓ 1:80 నుంచి 1:160కి, టీహెచ్ 1:160 నుంచి 1:320కి వచ్చాయి. రెండూ ఒక్కో మెట్టే, రెండు రెట్లే. అదీ వేర్వేరు ల్యాబుల్లో, వేర్వేరు రోజుల్లో, బహుశా వేర్వేరు కిట్లతో. పరీక్షలో సహజంగా ఉండే ఊగిసలాటకే అంత తేడా రావచ్చు. కాబట్టి పెరిగిందని కూడా అనలేం. టీఓ 1:80 నుంచి 1:320కి వచ్చి ఉంటే, నెలన్నర కిందటి జ్వరం టైఫాయిడే అనడానికి బలం చేకూరేది. అప్పుడు కూడా 'ఇంకా ఉంది' అని అర్థం కాదు. యాంటీబాడీలు క్రిమి పోయిన తర్వాత నెలల తరబడి ఉంటాయి. జబ్బు నయమైందా అని చూడడానికి వైడాల్ మళ్లీ చేయించడం వల్ల ఉపయోగం లేదు. దయచేసి ఇంకోసారి చేయించకండి.

అయితే టైఫాయిడ్ అయి ఉండొచ్చని మొదట్లో ఎందుకన్నాను? రిపోర్టుల వల్ల కాదు, జ్వరం నడిచిన తీరు వల్ల. డెంగీ లాంటి వైరల్ జ్వరాలు చాలావరకు వారంలోపు దిగిపోతాయి. మీ చెల్లి జ్వరం 11 రోజులు నడిచింది. 7వ రోజున సెఫ్ట్రియాక్సోన్ మొదలైతే 4 రోజులకు తగ్గింది. సరైన మందు పడ్డాక కూడా టైఫాయిడ్ జ్వరం మర్నాడే దిగదు, సాధారణంగా 4 నుంచి 7 రోజులు తీసుకుంటుంది. కణాల లోపల ఉన్నవి చావడానికి ఆ సమయం కావాలి. ఈ వరస టైఫాయిడ్‌కు బాగా సరిపోతుంది. తనంతట తానే తగ్గిన మరో జ్వరానికీ సరిపోకపోదు కనుక రుజువు అనడం లేదు. ఆస్పత్రిలో మలేరియా, డెంగీ, స్క్రబ్ టైఫస్ పరీక్షలు చేసి ఉంటే ఆ కాగితాలు బయటికి తీసి చూడండి. అవన్నీ నెగెటివ్ అయితే నా అంచనా ఇంకాస్త గట్టిపడుతుంది. ఆస్పత్రి వాళ్లు ఆ రోజు చికిత్స మొదలుపెట్టడం సరైన పనే. వారం రోజుల జ్వరంతో ఉన్న మనిషిని కల్చర్ రిపోర్టు కోసం 5 రోజులు ఖాళీగా ఉంచలేరు. రక్తం తీసిన మరుక్షణం మందు మొదలుపెట్టొచ్చు, వరస మాత్రం అదే ఉండాలి: ముందు సీసా, తర్వాత మందు.

ఇప్పటి నీరసం గురించి. టైఫాయిడ్ తర్వాత కొన్ని వారాల పాటు నీరసం ఉండడం మామూలే. అయినా ఒక రక్తకణాల పరీక్ష చేయించి హిమోగ్లోబిన్ చూసుకోవడం మంచిది. జ్వరం పోయిన కొన్ని వారాలకు కూడా తగ్గకపోతే డాక్టర్‌ను కలిసి వేరే కారణాలు వెతకాలి. రక్తహీనత, థైరాయిడ్ లాంటివి టైఫాయిడ్ నీడలో దాక్కుని ఉండొచ్చు.

టైఫాయిడ్ తిరగబెట్టడం నిజమే, జరుగుతుంది. జ్వరం తగ్గిన 2, 3 వారాలకు కొద్దిమందిలో వస్తుంది, వచ్చినప్పుడు జ్వరంతోనే వస్తుంది. చెల్లికి ఆ గడువు చాలావరకు దాటింది. ఒకవేళ జ్వరం మళ్లీ వచ్చి 2, 3 రోజులు నిలిస్తే, ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకుండా నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్‌కు ముందే 2 సీసాల్లో, ఒక్కోదానికి 10 మిల్లీలీటర్ల చొప్పున కల్చర్‌కు రక్తం తీయమని అడగండి. మొన్న సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ వాడిన సంగతి రిక్వెస్టు కాగితం మీద రాయించండి, ల్యాబ్‌లో దాన్ని చూసేవాళ్లకు అది పనికొచ్చే సమాచారం. కడుపులో తీవ్రమైన నొప్పి, పొట్ట గట్టిపడడం, మలంలో రక్తం, మాటల్లో తడబాటు, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆస్పత్రిలో చేర్చాలి. 3వ వారం ప్రాంతంలో పేగుకు చిల్లు పడే ప్రమాదం ఉన్న జబ్బు ఇది.

చివరగా, మీరు అడగనిది ఒకటి. కొద్దిమందిలో, ముఖ్యంగా పిత్తాశయంలో రాళ్లున్నవారిలో, టైఫీ అక్కడే ఉండిపోయి లక్షణాలు లేకుండానే నెలల పాటు, ఏళ్ల పాటు మలంతో బయటికి వస్తుంది. మీ చెల్లి ఇతరులకు వంట చేసిపెట్టే ఉద్యోగంలో గానీ, చిన్నపిల్లలను, రోగులను చూసుకునే పనిలో గానీ ఉంటే, మందులు ఆపిన కొన్ని వారాల తర్వాత మలం కల్చర్ చేయించమని డాక్టర్‌ను అడగండి. క్రిమి రోజూ ఒకేలా బయటికి రాదు కనుక ఒక నమూనా చాలదు, వేర్వేరు రోజుల్లో 3 ఇవ్వాలి. అందులో టైఫీ పెరిగితే మందు అవసరం, ఏ మందు అన్నది కూడా ఆ ల్యాబే చెబుతుంది.